ఫొటోలోని ఫోన్ తెరను మార్చే విధానం

ప్రకటనల్లోని ఫోన్ తెర మీద కనిపించే బొమ్మ చాలాసార్లు ఫోన్‌తో పాటు కెమెరాకు చిక్కినది కాదు. ఫోన్‌ను ముందు ఫొటో తీసి, స్క్రీన్‌షాట్‌ను తర్వాత ఫోటోషాప్‌లో అతికిస్తారు. వెలుగుతున్న తెరకు, గదిలోని వస్తువులకు ఒకే ఎక్స్‌పోజర్ సరిపోకపోవడం ఇందుకు ఒక కారణం. యాప్ రూపం మారినప్పుడల్లా ఫొటో మళ్లీ తీయనక్కర్లేకపోవడం ఇంకో కారణం.

పని ఫొటో తీసేటప్పుడే మొదలవుతుంది. తెర ఆర్పేసి ఫొటో తీయడం మంచిది. ఆరిన తెర నల్లటి అద్దంలా ఉంటుంది. దాని మీద కిటికీ వెలుగు, దీపాల మెరుపు తప్ప మరేమీ కనిపించదు. తర్వాత కావలసింది సరిగ్గా ఆ మెరుపే. తెర వెలుగుతుండగా తీస్తే పాత బొమ్మ, ప్రతిబింబం కలిసిపోయి, రెంటినీ విడదీయడం దాదాపు అసాధ్యమవుతుంది.

చెక్క బల్ల మీద పడుకోబెట్టిన ఫోన్‌ను కాస్త ఎత్తు నుంచి తీశారనుకుందాం. తెర దిగువ అంచు కెమెరాకు దగ్గరగా, ఎగువ అంచు దూరంగా ఉంది. పై భాగంలో కిటికీ వెలుగు పడింది. స్క్రీన్‌షాట్ కొలత 1080×2400 పిక్సెళ్లు. మొదట చూడవలసింది ఫోన్ తెర నిష్పత్తి, స్క్రీన్‌షాట్ నిష్పత్తి ఒకటేనా అన్నది. తేడా ఉంటే అక్షరాలు సాగినట్టో నొక్కుకుపోయినట్టో కనిపిస్తాయి.

స్క్రీన్‌షాట్‌ను ఫొటో మీదికి తెచ్చి, Convert to Smart Object ఎంచుకోవాలి. తర్వాత Edit > Transform > Distort తో నాలుగు మూలలనూ తెర మూలలకు చేర్చాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఫోన్ తెర మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి, స్క్రీన్‌షాట్ మూలను ఆ వంపు మీదికి లాగుతారు. దాంతో బొమ్మ చిన్నదై అంచుల్లో ఖాళీ మిగులుతుంది. తెర అంచులను నిటారుగా పొడిగిస్తే వంపు బయట ఎక్కడ కలుస్తాయో అదే అసలు మూల. అక్కడికి చేర్చాక, వంపు బయట మిగిలిన ముక్కను మాస్క్‌తో దాచాలి. ముందు కెమెరా రంధ్రాన్నీ, తెరకు అడ్డంగా వేలు ఉంటే దాన్నీ అలాగే మాస్క్‌తో మినహాయించాలి.

మూలలు కుదిరాయో లేదో తెలుసుకోవడానికి నాలుగు మూలల మధ్య రెండు కర్ణాలు గీయాలి. అవి కలిసే చోటే తెర అసలు మధ్యబిందువు. ఫొటోలో దిగువ అంచు 900, ఎగువ అంచు 600 పిక్సెళ్లు ఉండి, రెండూ సమాంతరంగా, వాటి మధ్య ఎత్తు 1500 పిక్సెళ్లు ఉంటే, మధ్యబిందువు దిగువ అంచు నుంచి 750 దగ్గర కాకుండా 900 దగ్గర పడుతుంది. దూరంగా ఉన్న సగం కుంచించుకుపోవడమే దానికి కారణం. స్క్రీన్‌షాట్ మధ్యభాగం కూడా అక్కడే పడాలి.

ఇక మెరుపు. ఫోన్‌లో బొమ్మ అద్దం కింద ఉంటుంది, ప్రతిబింబం అద్దం మీద ఉంటుంది. కాబట్టి ఆరిన తెర ఫొటోను మరో పొరగా నకలు తీసి, స్క్రీన్‌షాట్‌కు పైన పెట్టి, తెర మేరకే కనిపించేలా మాస్క్ వేసి, దాని బ్లెండ్ మోడ్‌ను Screen కు మార్చాలి. ఈ మోడ్‌లో నలుపు మాయమవుతుంది, వెలుగు కిందిదానికి జత అవుతుంది. నలుపును 0, తెలుపును 1 అనుకుంటే లెక్క ఇది:

```
1 − (1 − a)(1 − b)
```

కిటికీ మెరుపు విలువ 0.5 అనుకుందాం. నల్లటి చోట అది 0.5గా స్పష్టంగా కనిపిస్తుంది. తెల్లటి చోట ఫలితం 1 దగ్గరే ఉండిపోయి మెరుపు కనిపించదు. నిజమైన ఫోన్ మీద కూడా ముదురు బొమ్మపైనే ప్రతిబింబం బాగా తెలుస్తుంది.

ఆరిన తెర పూర్తి నలుపుగా ఉండదు. ఆ కొద్దిపాటి బూడిద రంగు బొమ్మంతటినీ వెలిసిపోయినట్టు చేస్తుంది. Levels లో నల్ల స్లయిడర్‌ను కుడివైపు జరిపితే ఆ తెరమరుగు పోయి మెరుపు మిగులుతుంది. ఎక్కువ జరిపితే మెరుపు అంచులు కత్తిరించినట్టు అవుతాయి.

చివరగా స్క్రీన్‌షాట్‌ను ఫొటోతో సరిపోల్చాలి. ఫోన్ దూరపు అంచు ఫోకస్ తప్పి ఉంటే, అక్షరాలను కూడా అక్కడ అంతే మసకబార్చాలి. స్క్రీన్‌షాట్‌లోని తెలుపు బల్ల మీది అన్ని వస్తువుల కంటే మిరుమిట్లుగా ఉంటే కాస్త తగ్గించాలి.

అంచుల దగ్గర వంగిన తెరలకు నాలుగు మూలల పద్ధతి ఒక్కటే చాలదు. వంపు మేరకు Warp తో సర్దాలి. చదునైన తెరకైతే పని ఒక్కసారి చేస్తే చాలు. Smart Object ను తెరిచి, లోపల అదే కొలత గల వేరే స్క్రీన్‌షాట్ పెట్టి సేవ్ చేస్తే, కోణం, మాస్క్, మెరుపు అలాగే ఉండి బొమ్మ మాత్రమే మారుతుంది. ఒకే ఫొటోలో యాప్ తెలుగు తెరనూ, హిందీ తెరనూ చూపడం ఇలాగే సాధ్యమవుతుంది.