రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా అండీ?

“జబ్బులేమీ లేవు కదండీ?” అని ఫోన్లో అడిగాను. “ఏం లేవమ్మా, రాయిలా ఉన్నాను” అన్నారు అవతలి నుంచి కిరాణా కొట్టు యజమాని. ఆరోగ్య బీమా ఫారంలో అన్ని ప్రశ్నలకూ ‘లేదు’ అని టిక్కు పెట్టి పంపేశాను. రెండో ఏడు ఆయన గుండెకు స్టెంట్ వేశారు. ఆసుపత్రి కేస్‌షీట్‌లో ‘ఆరేళ్లుగా బీపీ, మందులు వాడుతున్నారు’ అని ఉంది. పాలసీ తీసుకునేటప్పుడు ఆ సంగతి చెప్పలేదంటూ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఆయన భార్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “బీపీ కూడా జబ్బేనా అమ్మా? మాత్ర వేసుకుంటే మామూలుగానే ఉంటారు కదా అనుకున్నాం” అంది, అంతే.

తప్పు నా ప్రశ్నలోనే ఉంది. ‘లేవు కదండీ’ అన్నప్పుడే జవాబు నేనే ఆయన నోటికి అందించాను. పైగా ఆ రోజు తొందరలో ఉన్నాను, నా గొంతు ‘లేవు’ అనిపించుకోవాలనే అడిగింది. ఫోన్లో ఏం మాట్లాడాలో, ఏ వరుసలో మాట్లాడాలో, ఏ గొంతుతో మాట్లాడాలో కాగితం మీద రాసుకోవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. మా వృత్తిలో దాన్నే స్క్రిప్ట్ అంటారు. కొత్తగా అడ్వైజర్లయిన పిల్లలు స్క్రిప్ట్ అంటే పాలసీ అంటగట్టే మాటల మూట అనుకుంటారు. నాకు మాత్రం అది ఎదుటివాళ్లు నిజం చెప్పడానికి వీలుగా వేసే బాట.

ముక్కూమొహం తెలియనివాళ్లకు చేసే ఫోను గురించి కాదు నేను చెప్పేది. మన నంబరు తామే అడిగి తీసుకున్నవాళ్లు, తెలిసినవాళ్ల ద్వారా ‘ఒకసారి మాట్లాడమనండి’ అని కబురు పెట్టినవాళ్లు, ఉన్న పాలసీ గడువు దగ్గర పడినవాళ్లు ఉంటారు. వీళ్లను వార్మ్ లీడ్ అంటాం. ఆసక్తి ఇప్పటికే ఉంది, దాన్ని రగిలించే పని మనకు లేదు. వాళ్లకు ఆ ఆలోచన ఎందుకొచ్చిందో తెలుసుకుంటే చాలు. పెళ్లిలో భోజనాల బంతి మీద అడిగినవాళ్లు వారం గడిచేసరికి మరిచిపోతారు, అందుకే కబురందిన రోజో మర్నాడో ఫోన్ చేయాలి.

ఒక కాల్‌ను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. తెనాలిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారు, వయసు 41. భార్యకు 37, ఇద్దరు పిల్లలు, తల్లికి 66. ఆయన సహోద్యోగికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేరితే బిల్లు బీమా కంపెనీ కట్టింది. ఆ సహోద్యోగి నా పాత కస్టమరు. ‘మా మాస్టారు కూడా అడుగుతున్నారు, నంబరు ఇవ్వమన్నారు’ అని నాకు పంపారు. బడి వేళల్లో చేస్తే మాస్టారు ఎత్తరు, ఎత్తినా గుసగుసగా మాట్లాడి పెట్టేస్తారు. అందుకని సాయంత్రం ఐదింటికి చేశాను.

మొదటి ఇరవై సెకన్లలో నాలుగు సంగతులు వినపడాలి: నేనెవరు, ఎవరు చెబితే చేస్తున్నాను, ఎందుకు చేస్తున్నాను, ఎంతసేపు పడుతుంది.

“నమస్కారం మాస్టారూ, ఆరోగ్య బీమా అడ్వైజర్ని. మీ బళ్లో సైన్సు మాస్టారు మీ నంబరిచ్చారు, వారి డెంగీ క్లెయిము నేనే చూశాను. మీరూ వివరాలు అడిగారని చెప్పారు. ఐదు నిమిషాలు మాట్లాడొచ్చా, లేక ఇంకో వేళ చేయమంటారా?”

చివరి ప్రశ్న మర్యాద కోసం అడుగుతున్నది కాదు. ‘ఇప్పుడు కుదరదు’ అనే వీలు ముందే ఇస్తే, ‘చెప్పండి’ అన్న మనిషి నిజంగా వింటాడు. ఇక్కడ నేను మరో మాట కూడా కలుపుతాను: “నేను ఓటీపీలు, ఆధార్ నంబరు ఫోన్లో అడగను మాస్టారూ. అనుమానముంటే సైన్సు మాస్టారిని అడిగి చూసుకోండి.” బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మన హైదరాబాద్‌లోనే ఉంది. తాము పాలసీలు అమ్మమని, బోనస్‌లు పంచమని ఆ సంస్థ జనాన్ని హెచ్చరించాల్సి వచ్చిందంటే, ఆ పేరు చెప్పుకుని ఎందరు మోసం చేస్తున్నారో ఊహించండి. అలాంటి ఫోన్లు విన్న చెవులతోనే జనం మన ఫోనూ వింటారు.

తర్వాత పాలసీ గురించి ఏమీ చెప్పను. “మాస్టారూ, బీమా తీసుకోవాలని ఇప్పుడే ఎందుకనిపించింది?” అని అడిగి ఆగిపోతాను. ఆ ఆగడం కష్టం. మూడు సెకన్ల నిశ్శబ్దం ఫోన్లో మూడు నిమిషాలుగా ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని తట్టుకోలేక క్యాష్‌లెస్ అనీ, నెట్‌వర్క్ ఆసుపత్రులనీ అందుకుంటారు. మాస్టారు కాసేపు ఆగి అసలు సంగతి చెప్పారు: “సైన్సు మాస్టారి బిల్లు చూసి మా ఆవిడ రాత్రంతా నిద్రపోలేదమ్మా. మా అమ్మ కూడా మాతోనే ఉంటుంది.” ఆయనను కదిలించింది తన ఆరోగ్యం కాదు, తల్లి. నేనే మాట్లాడుతూ పోయుంటే అది నాకు తెలిసేదే కాదు.

ఇక అసలు ప్రశ్న. దీన్ని అడిగే ముందు గొంతు తగ్గించి, నెమ్మదిస్తాను. “మాస్టారూ, పక్కన ఎవరైనా ఉన్నారా? ఆరోగ్యం సంగతి రెండు ప్రశ్నలు అడగాలి, ఇబ్బందైతే తర్వాత అడుగుతాను” అంటాను. స్పీకరు పెట్టి, హాల్లో బంధువులంతా వింటుంటే తనకు షుగరుందని ఏ మగాడూ ఒప్పుకోడు. తర్వాత ‘జబ్బు’ అనే మాటే వాడను. “ఇంట్లో ఎవరైనా రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా అండీ? బీపీకో, షుగరుకో, థైరాయిడ్‌కో?” అని అడుగుతాను. “ఎప్పుడైనా రెండు రోజులు ఆసుపత్రిలో పడుకున్నారా? ఏదైనా ఆపరేషనైందా?” అన్నది రెండో ప్రశ్న. జబ్బు ఉందా అంటే మన ఇళ్లలో లేదనే చెబుతారు. మాత్ర మాత్రం రోజూ పొద్దున కంటి ముందు కనిపించే వస్తువు, దాని గురించి అడిగితే మనసు ఇట్టే గుర్తు చేస్తుంది. “అమ్మకు షుగరు బిళ్లలున్నాయి, ఎనిమిదేళ్లయింది” అన్నారు మాస్టారు. క్షణమాగి, “నాకు కూడా పోయిన సంక్రాంతి నుంచి బీపీ బిళ్ల రాశారమ్మా” అన్నారు.

ఇప్పుడు నా గొంతు ఎలా ఉందన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది. ‘అయ్యో’ అన్నానంటే ఆయన ఇంకో సంగతి చెప్పరు. “చెప్పడం మంచిదైంది మాస్టారూ” అని మామూలుగా అని, సంగతి వివరించాను. పాత జబ్బును రాసి ఇస్తే కంపెనీ ప్రీమియం కొంత పెంచొచ్చు, లేదా ఆ జబ్బుకు సంబంధించిన చికిత్సకు కొంతకాలం ఆగమనొచ్చు. 2024 నిబంధనల ప్రకారం ఆ ఆగే కాలం 36 నెలలకు మించకూడదు. దాస్తే మాత్రం, పాలసీ వరుసగా 60 నెలలు పూర్తయ్యేదాకా ఎప్పుడైనా అది మెడకు చుట్టుకోవచ్చు. మోసమని రుజువైతే ఆ తర్వాత కూడా వదలరు.

తల్లి సంగతి వేరేగా చెప్పాను. అందరినీ ఒకే ఫ్లోటర్ పాలసీలో వేస్తే సాధారణంగా ప్రీమియం ఇంట్లో పెద్ద వయసు మనిషిని బట్టి లెక్కకొస్తుంది, 66 ఏళ్ల అమ్మగారి వయసు పిల్లల మీద కూడా పడుతుంది. ఆమెకు విడిగా పాలసీ, మిగతా నలుగురికీ ఒకటి చూద్దామన్నాను. ఫోన్లో ఇంతకు మించి చెప్పకూడదు. గది అద్దె పరిమితి, కో-పేమెంట్, రెండేళ్లు ఆగాల్సిన కంటిశుక్లం, మోకీళ్ల ఆపరేషన్లు లాంటివి ఎదురుగా కూర్చుని కాగితం మీద చూపించే సంగతులు. మొదటి ఫోను పని ఆ కూర్చునే రోజును కుదుర్చుకోవడమే.

“సుమారు ఎంతవుతుందమ్మా?” అన్నది తప్పకుండా వస్తుంది. ‘అది తర్వాత చెబుతా’ అంటే ఏదో దాస్తున్నారనుకుంటారు. “మీ నలుగురికీ పది లక్షల కవరుకు ఏడాదికి ఇరవై వేలకు పైనే ఉంటుంది మాస్టారూ. బీపీ రాశాక కంపెనీ ఎంతంటుందో చూస్తేనే కచ్చితంగా చెప్పగలను” అన్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారన్నదీ చెప్పాను. చాలామంది పాత లెక్కలోనే ఉన్నారు.

వెంటనే మన దగ్గర వినపడే మాట వచ్చింది: “మొదటి కంతులో మీరేమైనా తగ్గిస్తారా? ఫలానా ఏజెంటు కమీషన్లో సగం ఇచ్చేస్తాడట.” నవ్వేసి దాటేయడం సులువు. నేను సూటిగా చెబుతాను: “బీమా చట్టం 41వ సెక్షన్ దాన్ని ఒప్పుకోదు మాస్టారూ, పది లక్షల దాకా జరిమానా ఉంది. ఆసుపత్రిలో చేరిన రాత్రి నాకు ఫోన్ చేయండి, ఆ ఫోను మాత్రం ఎత్తుతాను.” ఈ మాట విని వెళ్లిపోయినవాళ్లున్నారు. వెళ్లనివ్వాలి.

“మా ఆవిడతో మాట్లాడి చెబుతా” అంటే అది కాదనడం కాదు. అక్కడ పట్టు పట్టి ‘నిర్ణయం మీదే కదా’ అనేవాళ్లను విన్నాను, ఒక సంసారంలో వేలు పెట్టడమే అది. “మంచిది. ఆదివారం పదింటికి ఇంటికొస్తాను, ఇద్దరూ ఉన్నప్పుడే మాట్లాడుకుందాం. అమ్మగారి మందుల చీటీ ఒక్కటి తీసి పెట్టండి” అన్నాను. మాస్టారు కాస్త తటపటాయించి, “మూఢం నడుస్తోంది, డబ్బు మాత్రం తర్వాతే కడతాం” అన్నారు. అది నమ్మకానికి సంబంధించిన సంగతి, వాదించకూడదు. కవరు పాలసీ మొదలైన రోజు నుంచే, ఆగాల్సిన నెలల లెక్కా ఆ రోజు నుంచే అన్న ఒక్క మాట చెప్పి, “ఏ రోజు మంచిదో మీరే పంచాంగం చూసి చెప్పండి” అని వదిలేశాను.

కాల్ బాగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి నాకో గుర్తుంది. ఫోన్ పెట్టేయగానే నోటు పుస్తకంలో ఎదుటివాళ్ల గురించి తెలిసినవి రాస్తాను. నాలుగు వరుసలు కూడా రాకపోతే ఆ ఐదు నిమిషాలూ నేనే మాట్లాడానన్నమాట. వాళ్లు ‘ఊఁ, ఊఁ’ అంటూ పోయారంటే అప్పటికే చెవి తప్పించారని అర్థం, అక్కడే ఆపి ‘ఇంకో రోజు చేయనా?’ అని అడగాలి. ఇక ఫోన్ చేయొద్దంటే చేయకూడదు. 1909కి ఫిర్యాదు వెళ్లేదాకా తెచ్చుకోకూడదు.

ఆ సాయంత్రం మాస్టారికి వాట్సాప్‌లో ఇలా పంపాను: “మాస్టారూ, ఆదివారం పదింటికి వస్తాను. మీ నలుగురికీ ఒక పాలసీ, అమ్మగారికి విడిగా ఒకటి. మీ బీపీ, అమ్మగారి షుగరు ఫారంలో రాస్తున్నాం. పాలసీ కాగితం అందాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు.” పది నిమిషాలకు జవాబుగా ఒక ఫొటో వచ్చింది. అమ్మగారి మందుల చీటీ, దాని పక్కనే నేను అడగని ఇంకో చీటీ. మాస్టారి భార్యది, థైరాయిడ్ మాత్రలు.