వైఫై ప్రతిధ్వనులకు సైక్లిక్ ప్రిఫిక్స్ విరుగుడు

వైఫై సంకేతం రౌటర్ నుంచి నేరుగానూ, గోడలకు తగిలి కాస్త ఆలస్యంగానూ ఫోనుకు చేరుతుంది. ఈ ప్రతులు కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు బలపడతాయి, కొన్ని క్షీణిస్తాయి. అందుకే 802.11g వైఫైలో ఓఎఫ్‌డీఎం పద్ధతి డేటాను 312.5 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉండే సన్నని ఉపవాహకాలకు పంచుతుంది.

ఒక్కో సింబల్ 3.2 మైక్రోసెకన్లు సాగుతుంది. దాని చివరి 0.8 మైక్రోసెకన్ల భాగానికి నకలు తీసి ముందు అతికిస్తారు. అదే సైక్లిక్ ప్రిఫిక్స్. పాత సింబల్ ప్రతిధ్వని అందులోనే ముగుస్తుంది, రిసీవర్ ఆ భాగాన్ని వదిలేస్తుంది. ఇంతవరకైతే ఖాళీ విరామం చాలు. నకలు వల్ల అసలు మేలు వేరే ఉంది: ఆలస్యంగా వచ్చిన ప్రతిలోనూ ప్రతి ఉపవాహకం పూర్తి ఆవర్తనాలతోనే అందుతుంది. అందువల్ల అవి ఒకదానిలో ఒకటి కలవవు. మారిన బలాన్ని, దశను ఒక్క గుణకారంతో సరిదిద్దవచ్చు.

దారుల తేడా 240 మీటర్లు దాటితే ఈ రక్షణ చాలదు. బాగా క్షీణించిన ఉపవాహకంలోని బిట్లను దోష సవరణ కోడే రాబట్టాలి.