అద్దె ఆగిపోతే బీమా ఎప్పుడు ఇస్తుంది?

కూకట్‌పల్లిలో ఒక ఫ్లాటు, నెలకు 25,000 రూపాయల అద్దె అనుకుందాం. అద్దెకున్నవాళ్లు స్టవ్ మీద నూనె మూకుడు పెట్టి మరిచిపోయారు. మంటలు చిమ్నీకి అంటుకుని వంటగదీ, పక్కనున్న హాలూ కాలిపోయాయి. వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయారు. వైరింగు మార్చి, గోడలు పూసి, మళ్లీ మనుషులు ఉండేలా చేసేసరికి 4 నెలలు పట్టింది.

ఓనరుకు భారత్ గృహ రక్ష పాలసీ ఉంటే మరమ్మతు ఖర్చుతో పాటు ఈ 4 నెలల అద్దె కూడా అడగొచ్చు. 2021 ఏప్రిల్ 1న వచ్చిన ఈ ప్రామాణిక పాలసీలో అద్దె నష్టానికి చోటుంది. ఏడాది అద్దె కింద 3 లక్షలకు బీమా చేయించి ఉంటే, 12 నెలల్లో 4 నెలల వంతు, అంటే లక్ష రూపాయలు లెక్క తేలుతుంది. ఎంత పెద్ద మరమ్మతైనా 3 ఏళ్లకు మించి ఇవ్వరు. ఇల్లు నివాసయోగ్యంగా లేదని ఆర్కిటెక్టు గానీ, స్థానిక అధికారులు గానీ ఇచ్చిన సర్టిఫికెట్ జతచేయాలి. చాలామంది ఈ కాగితం సంగతి తలచుకునేది మరమ్మతులు పూర్తయ్యాకే. అప్పటికి కాలిన గోడకు కొత్త రంగు పడిపోయి ఉంటుంది.

ఇక్కడ కీలకం అద్దె ఎందుకు ఆగిందన్నదే. అగ్ని ప్రమాదం, వరద, తుపాను, ట్యాంకు పగలడం వంటి పాలసీలో రాసిన కారణంతో ఇల్లు పాడైతేనే ఈ కవర్ పనిచేస్తుంది. అద్దెకున్నాయన 3 నెలలు బాకీపడి ఫోన్ ఎత్తకపోయినా, కొత్తవాళ్లు దొరక్క ఫ్లాటు ఖాళీగా పడున్నా ఒక్క రూపాయి రాదు. ఖాళీ చేయనని మొండికేసి కూర్చుంటే? అది కోర్టు తగాదా. అక్రమంగా ఇల్లు ఆక్రమించడం వల్ల కలిగే నష్టాన్ని పాలసీ బయటే ఉంచింది.

అద్దెకున్నవాళ్లు చేసిన నష్టానికీ ఇదే కొలత. కావాలని తలుపులు విరగ్గొడితే ‘దురుద్దేశంతో చేసిన నష్టం’ కింద క్లెయిమ్ అడిగే వీలుంది, రుజువులు మాత్రం కావాలి. గోడ నిండా మేకులు, పిల్లల గీతలు, వాడి వాడి వదులైన కుళాయిలు వాడకంలో వచ్చిన అరుగుదల కిందే పోతాయి. వాటికి దిక్కు అడ్వాన్సే. ఆ అడ్వాన్సు గొడవ ముదరకుండా ఉండాలంటే తాళాలిచ్చే రోజే గదిగదికీ ఫొటోలు తీసి, గీజరు, ఫ్యాన్లు, బాత్‌రూమ్ ఫిటింగుల జాబితా మీద ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి.

ఓనరు ఉంచిన మంచాలు, ఫ్రిజ్ ఆయన పాలసీలో చేరతాయి. అద్దెకున్నవాళ్ల టీవీ, బట్టలు చేరవు. వాటికి వాళ్లే విడిగా బీమా తీసుకోవాలి. ఫ్లాటును అద్దెకిచ్చిన సంగతి కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి ఉంచాలి. అందులో ఎవరైనా గోడౌను నడుపుతుంటే అదీ చెప్పాల్సిందే, ఎందుకంటే ఈ పాలసీ నివాసాలకు రాసింది.