చెడ్డ చట్టం చట్టమేనా?

న్యాయశాస్త్ర పరీక్షల్లో సిద్ధాంతాలను వాటి వాదాలతో జతపరచమంటారు. సహజ న్యాయవాదం ఎదుట ‘ఘోర అన్యాయం చట్టం కాదు’, పాజిటివిజం ఎదుట ‘చట్టం వేరు, నీతి వేరు’ అని రాయాలి. అక్కడే ఒక ఉచ్చు ఉంది: పాజిటివిస్టు చెడ్డ చట్టాన్నీ పాటించమంటాడనుకుంటారు.

1944లో ఒక జర్మన్ మహిళ, హిట్లర్‌ని తిట్టాడని సైనికుడైన భర్తను పట్టించింది. యుద్ధం ముగిశాక 1949లో ఆమెకు శిక్ష పడింది. నాజీ చట్టమే అనుమతించిందని ఆమె వాదన. రాడ్‌బ్రుక్ దృష్టిలో, భరించరాని అన్యాయమైతే అది చట్టమే కాదు. పాజిటివిస్టు హార్ట్ మాత్రం అది చట్టమేనన్నాడు. కాకపోతే పాటించలేనంత దుర్మార్గమైనది. ఆమెను శిక్షించాలంటే వెనకటి తేదీ నుంచి వర్తించే చట్టం బాహాటంగా చేయాలన్నాడు. నాకు హార్ట్ నిజాయితీయే నచ్చుతుంది.