మిత్తి ఏ పైసల మీద?

మంథని చుట్టుపక్కల ఊళ్లలో అప్పు మాట వస్తే మొదట అడిగే ప్రశ్న ఒకటే: ‘మిత్తి ఎంత?’ నూటికి రూపాయి అంటే ఊపిరి పీల్చుకుంటారు. రెండు రూపాయలంటే ఆలోచిస్తారు. మూడు అంటే వేరే చోటు వెతుక్కుంటారు. బ్యాంకులో, ఫైనాన్సు కంపెనీలో ఇదే మాటను ఏడాది లెక్కలో చెబుతారు. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24 శాతం. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అయితే రెండో ప్రశ్న ఒకటుంది. దాన్ని అడిగేవాళ్లు తక్కువ. ఆ మిత్తి ఏ పైసల మీద కడతారు? మొదట తీసుకున్న మొత్తం మీదా, ఇంకా కట్టాల్సిన బాకీ మీదా? ఒకే 12 శాతం ఒకచోట 15 వేల రూపాయలు అయి, ఇంకోచోట 28 వేలు దాటేది ఈ తేడాతోనే.

ఒక అప్పును మొదటి నెల నుంచి చివరి నెల దాకా చూద్దాం. పాడి బర్రె కొని, కొట్టం బాగు చేసుకోవడానికి ఒక ఇల్లాలు 1,20,000 రూపాయలు తీసుకుందనుకుందాం. వడ్డీ ఏడాదికి 12 శాతం, గడువు 24 నెలలు. ఏడాది రేటును 12తో భాగిస్తే నెలకు ఒక శాతం. మొదటి నెలంతా ఆమె దగ్గర ఉన్నది 1,20,000. అందులో ఒక శాతం 1,200. ఆ నెల మిత్తి అంతే. ఇక్కడిదాకా ఏ పద్ధతిలో చూసినా లెక్క ఒకటే.

దారులు చీలేది రెండో నెలలో. మహిళా సంఘాల్లో సులువుగా లెక్క రాసుకునే పద్ధతి ఒకటుంది. అసలును 24 సమాన భాగాలు చేస్తే నెలకు 5,000. మొదటి నెల ఆమె 5,000 అసలు, 1,200 మిత్తి, మొత్తం 6,200 కట్టింది. ఇప్పుడు ఆమె దగ్గర ఉన్న అప్పు 1,15,000 మాత్రమే. కాబట్టి రెండో నెల మిత్తి 1,150. మూడో నెల బాకీ 1,10,000, మిత్తి 1,100. ఇలా నెలనెలా మిత్తి 50 రూపాయల చొప్పున దిగుతూ 24వ నెలకు 50 రూపాయలకు చేరుతుంది. అన్ని నెలల మిత్తీ కూడితే 15,000.

ఈ పద్ధతిలో చిక్కేమిటంటే మొదటి నెలల్లో భారం ఎక్కువ. బర్రె పాలకు వచ్చీ రాకముందే 6,200 కట్టాలి. అందుకే బ్యాంకులు నెలనెలా ఒకే మొత్తం కట్టే కిస్తీని పెడతాయి. ఇదే అప్పుకు ఆ కిస్తీ 5,649 రూపాయలు. మొత్తం మారదు కానీ అందులో మిత్తి ఎంత, అసలు ఎంత అన్నది ప్రతి నెలా మారుతుంది. మొదటి కిస్తీలో 1,200 మిత్తికి పోతే 4,449 అసలుకు జమవుతుంది. బాకీ 1,15,551. రెండో నెల దాని మీద మిత్తి 1,156, అసలుకు 4,493. బాకీ 1,11,058. మూడో నెల మిత్తి 1,111, అసలుకు 4,538. మిత్తి ఎంత తగ్గితే అసలుకు అంత ఎక్కువ చేరుతుంది. అసలు తగ్గితే వచ్చే నెల మిత్తి ఇంకా తగ్గుతుంది. చివరి కిస్తీలో మిత్తి 56 రూపాయలే, మిగతాదంతా అసలే. మొత్తం మిత్తి 15,572. సంఘం లెక్క కంటే 572 ఎక్కువ ఎందుకంటే మొదట్లో అసలు కాస్త నెమ్మదిగా తీరింది. ఆ సొమ్మును కాస్త ఎక్కువ కాలం వాడుకున్నందుకు కట్టిన ధర అది. అందులో మోసం ఏమీ లేదు.

ఇదే అప్పును ఫ్లాట్ రేటు మీద ఇచ్చేవాళ్ల లెక్క చూడండి. 1,20,000 మీద 12 శాతం అంటే ఏడాదికి 14,400. రెండేళ్లకు 28,800. అసలుతో కలిపి 1,48,800ని 24తో భాగిస్తే కిస్తీ 6,200. ప్రతి కిస్తీలో 5,000 అసలు, 1,200 మిత్తి. మొదటి నెలా అంతే, చివరి నెలా అంతే. 24వ నెలలో ఆ ఇల్లాలి దగ్గర మిగిలిన అప్పు 5,000. ఆ ఐదు వేల మీద ఒక్క నెలకు కట్టే మిత్తి 1,200, అంటే నూటికి 24 రూపాయలు! కాగితం మీద ఉన్నది 12 శాతమే. తగ్గే బాకీ లెక్కలోకి మారిస్తే అది ఏడాదికి దాదాపు 21.6 శాతం. ఎక్కువ కట్టింది 13 వేల రూపాయలకు పైనే. ఆ రేటు అడిగిందెవరో, ఒప్పుకున్నదెవరో అన్నది తర్వాతి సంగతి. దాన్ని 12 అని చెప్పడమే తప్పు.

ఇక్కడ ఊరి షావుకారి పట్ల కూడా న్యాయంగా మాట్లాడాలి. నూటికి రెండు రూపాయలకు అప్పిచ్చి, నెలనెలా మిత్తి మాత్రమే తీసుకుని, పంట చేతికి వచ్చాక అసలు ఒకేసారి తీసుకుంటే, అది 24 శాతమే. అసలు మొత్తం అప్పటిదాకా రైతు దగ్గరే ఉంది కాబట్టి మిత్తి తగ్గకపోవడంలో వింత లేదు. రేటు ఎక్కువే కావచ్చు, లెక్క మాత్రం దాపరికం లేనిది. అసలును కిస్తీల్లో వెనక్కి తీసుకుంటూ మిత్తిని మాత్రం మొదటి మొత్తం మీదే వసూలు చేసినప్పుడే తిరకాసు. వారం వారం వచ్చి వసూలు చేసే గిరిగిరి అప్పుల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ మిత్తిని ముందే కోసుకుని మిగతాది చేతికిస్తారు. చేతికి రాని పైసల మీద కూడా మిత్తి కట్టినట్టవుతుంది.

ఈ లెక్క దేశమంతటి నిబంధనల్లోకి ఎక్కడం వెనుక మన ఉమ్మడి రాష్ట్రం పడ్డ బాధ ఉంది. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ తర్వాత అది చట్టమైంది. తీసుకున్న అసలును మించి మిత్తి వసూలు చేయరాదన్నది అందులో ఒక నిబంధన. రిజర్వ్ బ్యాంకు నియమించిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు సూక్ష్మరుణ సంస్థల మిత్తికి 26 శాతం పరిమితి పెట్టి, దాన్ని తగ్గే బాకీ మీదే లెక్కించాలని రాసింది. నా దృష్టిలో ఆ 26 అంకె కంటే రెండో మాటే ముఖ్యం. ఏ బాకీ మీదో చెప్పని శాతానికి అర్థం లేదు. 2022లో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ పరిమితి పోయింది కానీ, మిత్తి, రుసుములు అన్నీ కలిపి రుణగ్రహీతకు ఒకే కాగితం మీద చూపాలన్న షరతు వచ్చింది. సూక్ష్మరుణాన్ని ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదని కూడా అవే చెప్పాయి.

2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు ఇచ్చే కొత్త రిటైల్ రుణాలన్నింటికీ ఇలాంటి ముఖ్య వివరాల పత్రం తప్పనిసరి అయింది. అందులో రెండు చోట్ల కన్ను ఆగాలి. ఒకటి అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటు. మన 1,20,000 అప్పులోనే ప్రాసెసింగ్ ఫీజు, బీమా అని 3,000 ముందే కోసుకున్నారనుకోండి. చేతికి వచ్చింది 1,17,000, కిస్తీ మాత్రం 5,649. అప్పుడు 12 శాతం కాస్తా దాదాపు 14.6 శాతం అవుతుంది. రెండోది కిస్తీల షెడ్యూలు. కిస్తీ సంఖ్య, అసలు, మిత్తి, మిగిలిన బాకీ అని గళ్లు ఉంటాయి. మిత్తి గడిలో రెండో వరుస మొదటిదాని కంటే తక్కువ ఉందా? ఉంటే తగ్గే బాకీ లెక్క. అన్ని వరుసల్లో ఒకే అంకె ఉంటే ఫ్లాట్. ఇంకొంచెం ఓపిక ఉంటే ఏదో ఒక నెల మిత్తిని 12తో గుణించి, అంతకు ముందు వరుసలోని బాకీతో భాగించి, వందతో గుణించండి. మూడో నెల మిత్తి 1,111ని 12తో గుణిస్తే 13,332. దాన్ని 1,11,058తో భాగించి వందతో గుణిస్తే 12 వస్తుంది. చెప్పిన రేటు రాకపోతే అడగాల్సిందే.

పైసా పైసా కలవకపోయినా కంగారు పడనక్కర్లేదు. చాలా చోట్ల మిత్తిని రోజుల లెక్కన వేస్తారు కాబట్టి 31 రోజుల నెలకు కొంచెం ఎక్కువ, ఫిబ్రవరికి కొంచెం తక్కువ పడుతుంది. అప్పు చేతికి వచ్చిన రోజుకూ మొదటి కిస్తీ తేదీకీ మధ్య ఉన్న రోజులకు విడిగా మిత్తి ఉంటుంది. కిస్తీ ఆలస్యమైతే ఆ రోజులకు మిత్తి పెరుగుతుంది, అసలుకు జమ తగ్గుతుంది, షెడ్యూలులోని బాకీకీ మీ ఖాతాలోని బాకీకీ తేడా వస్తుంది. ఇవి లెక్కలోవే. లెక్క తప్పినవి వేరే ఉన్నాయి. 2024 ఏప్రిల్ 29న రిజర్వ్ బ్యాంకు వాటిని పేరుపేరునా చెప్పింది: అప్పు చేతికి ఇవ్వకముందే మంజూరు తేదీ నుంచి మిత్తి వేయడం, నెల మధ్యలో తీర్చినా నెలంతటికీ వసూలు చేయడం, ఒకటి రెండు కిస్తీలు ముందే తీసుకుని మిత్తిని మాత్రం పూర్తి అప్పు మీద లెక్కగట్టడం. అలా తీసుకున్నది తిరిగి ఇచ్చేయాలని కూడా చెప్పింది.

దీర్ఘకాలపు అప్పులో బాకీ తగ్గే తీరు వేరేలా కనిపిస్తుంది. సెంటినరీ కాలనీ, గోదావరిఖని వైపు ఇల్లు కట్టుకునే సింగరేణి ఉద్యోగులకు ఇది బాగా తెలియాలి. పది లక్షలు 9 శాతానికి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే కిస్తీ 8,997. మొదటి నెల అందులో 7,500 మిత్తే. అసలుకు చేరేది 1,497. పదేళ్లు క్రమం తప్పకుండా కట్టాక బాకీ సగానికి దిగుతుందనుకుంటారు. నిజానికి 7,10,000 ఉంటుంది. ఐదు లక్షలకు దిగేది పద్నాలుగో ఏడాది చివర. బ్యాంకు అన్యాయం చేసిందని చాలామంది అప్పుడు గొడవకు దిగుతారు. లెక్క సరిగానే ఉంది. పెద్ద బాకీ మీద మిత్తి పెద్దది, అంతే. ఇదే లెక్క అప్పు తీసుకున్నవాళ్లకు కూడా పనికొస్తుంది. మొదటి ఏడాది కాగానే ఒక్కసారి 50,000 అసలుకు కట్టి, కిస్తీ మార్చకుండా ఉంచితే, చివర్లో 27 కిస్తీలు తప్పుతాయి. దాదాపు రెండు లక్షల మిత్తి మిగులుతుంది. వ్యక్తుల ఇంటి రుణానికి మారే వడ్డీ రేటు ఉంటే దీనికి జరిమానా లేదు. అయితే ఆ సొమ్ము అసలుకే జమ చేయమని, గడువు తగ్గించమని రాసి ఇవ్వాలి. లేకపోతే కొన్నిచోట్ల కిస్తీ తగ్గించి గడువును అలాగే ఉంచుతారు.

అప్పు తీసుకునే ముందు షెడ్యూలు అడిగి ఇంటికి తెచ్చుకోండి, చదువుకునే పిల్లలతో రెండు వరుసలు లెక్క వేయించండి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. ఇప్పటికే నడుస్తున్న అప్పులో తేడా కనిపిస్తే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. దానికి ఫీజు లేదు. ఫిర్యాదు ఎలా పెట్టాలో 14448కు ఫోన్ చేసి అడగవచ్చు.