కంటైనర్ ఆయువు ఒకటో నంబరు ప్రాసెస్‌లోనే

డాకర్ కంటైనర్‌ను మొదలుపెట్టిన మరుక్షణమే అది ఆగిపోతే, ఏదో పాడైందనే అనుకుంటాం. చాలాసార్లు పాడైందేమీ ఉండదు. అప్పగించిన పని అయిపోయింది కాబట్టే ఆగింది. కంటైనర్‌ను చిన్న కంప్యూటర్‌గా ఊహించుకోవడంలోనే పొరపాటు ఉంది. అది చుట్టూ గోడలు కట్టిన ఒక ప్రాసెస్, అంతే. ఆ గోడలు ఒక్కసారిగా లేవలేదు. 1979 నాటి యూనిక్స్ ఏడో వెర్షన్‌లోని `chroot`, ఒక ప్రాసెస్‌కు కనిపించే ఫైళ్లకు హద్దు గీసింది. 2008లో లినక్స్ 2.6.24 ప్రాసెస్ నంబర్లకూ విడి లోకాన్ని ఇచ్చింది. ఆ లోకంలో మొదట పుట్టినది ఒకటో నంబరు. అది ముగిస్తే మిగతావాటన్నిటినీ కెర్నెల్ చంపేస్తుంది. 2013లో సాలమన్ హైక్స్ బృందం బయటపెట్టిన డాకర్ ఈ నియమాన్ని అలాగే వారసత్వంగా తీసుకుంది.

ఎన్జినెక్స్ వెబ్ సర్వర్ ఉదాహరణ చూద్దాం. మామూలు సర్వర్ మీద అలవాటైన ఆదేశాన్నే డాకర్‌ఫైల్‌లో రాశామనుకోండి:

```
CMD service nginx start
```

ఈ ఆదేశం ఎన్జినెక్స్‌ను వెనక్కి పంపి, తన పని అయిందని ముగిసిపోతుంది. దానితో ఒకటో ప్రాసెస్ పోయింది. ఇంకా బతికే ఉన్న ఎన్జినెక్స్‌నూ కెర్నెల్ తుడిచేస్తుంది. `docker ps -a` చూస్తే `Exited (0)` అని ఉంటుంది. సున్నా అంటే ప్రాసెస్ సజావుగా ముగిసిందని అర్థం. అక్కడ 127 ఉంటే కథ వేరు: ఆ పేరుతో ప్రోగ్రామే దొరకలేదు. 126 అయితే ఫైలు దొరికింది గానీ, దాన్ని నడపడం కుదరలేదు. సున్నాతో ఆగిపోయినదానికి మందు ఎన్జినెక్స్‌ను ముందువైపే నిలబెట్టడం:

```
CMD ["nginx", "-g", "daemon off;"]
```

వెనక సర్వర్ నడుస్తుండగా కంటైనర్‌ను ఆపడం అన్యాయం కాదా అని అడగవచ్చు. కానీ వెనక మిగిలిన ప్రాసెస్‌లలో ఏది అసలు పని, ఏది పని ముగిశాక మిగిలిపోయిన శేషం అన్నది డాకర్‌కు తెలిసే దారి లేదు. దేని కోసం బతకాలో మనమే చెప్పాలి. చెప్పే చోటు ఆ ఒకటో నంబరే. మరి చివర `tail -f /dev/null` తగిలిస్తే కంటైనర్ ఆగదు కదా అనేది ఇంకో వాదన. నిజమే, ఆగదు. కానీ అప్పుడు కంటైనర్ ప్రాణం ఎప్పటికీ ముగియని `tail` చేతిలో ఉంటుంది. అర్ధరాత్రి ఎన్జినెక్స్ కూలిపోయినా `docker ps` మాత్రం `Up` అనే చూపిస్తుంది. ఆగితే మళ్లీ లేపమని పెట్టుకున్న ఏర్పాటు కూడా కదలదు, ఎందుకంటే కంటైనర్ ఆగనే లేదు. సైటు మూతపడిందన్న కబురు మనకు వాడుకరుల నుంచే అందుతుంది. అసలు పనితో పాటే ఆగిపోయే కంటైనరే ఆ కబురు ముందుగా మనకు చేరవేస్తుంది.