క్రమంలో లేని సంఖ్యల్లో శిఖరం

3, 12, 5, 2, 6, 9, 4. ఈ సంఖ్యలు క్రమంలో లేవు. అయినా ఇరుపక్కల సంఖ్యలకంటే పెద్దదైన ‘శిఖరాన్ని’ బైనరీ సెర్చ్‌తో పట్టుకోవచ్చు. కొసన ఉన్నదానికి ఒక్క పక్కే లెక్క.

మధ్యలో 2 ఉంది. దాని కుడిపక్కన 6 పెద్దది కాబట్టి కుడి సగానికే వెళతాం. అటు విలువలు కొసదాకా పెరిగితే కొసదే శిఖరం. ఎక్కడైనా తగ్గితే, తగ్గే ముందున్నది శిఖరం. అంటే ఆ సగంలో ఒకటి తప్పక ఉంటుంది. అందుకే క్రమంతో పనిలేదు.

మిగిలిన 6, 9, 4లో నడిమి 9, కుడిపక్క 4 కంటే పెద్దది. 4ను వదిలేస్తాం. 6 కంటే 9 పెద్దది, అదే శిఖరం.

10 లక్షల సంఖ్యలకైనా 20 పోలికలు చాలు. అయితే దొరికేది ఏదో ఒక శిఖరమే. ఇక్కడ అన్నిటికంటే పెద్దదైన 12 దొరకలేదు. పక్కపక్కన సమాన విలువలుంటే ఎటు వెళ్లాలో తేలదు.